పెళ్ళి ఫొటోగ్రఫీ కొటేషన్లు పోల్చడం ఎలా: బెంగళూరులో మా చెల్లి పెళ్ళి లెక్కతో సహా

మా చెల్లి పెళ్ళికి మూడు ఫొటో స్టూడియోల దగ్గర కొటేషన్లు తీసుకున్నాం. ఒకళ్ళు 95 వేలు, ఇంకొకళ్ళు లక్షా 20 వేలు, మూడోవాళ్ళు లక్షా 40 వేలు. నాన్న అయితే ఒక్క చూపులోనే "95 వేలది ఖాయం చేసెయ్, ఫొటోలు ఎవరు తీసినా ఫొటోలేగా" అనేశారు. రెండు రోజులు ఆగండి నాన్నా అని కూర్చుని మూడింటినీ మా పెళ్ళికి తగ్గట్టు లెక్కేస్తే, 95 వేలదానికీ లక్షా 20 వేలదానికీ అసలు తేడా మూడున్నర వేలే అని తేలింది. పాతిక వేల తేడా ఎక్కడికి పోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. పేర్లు ఎందుకులే గానీ 95 వేలది మొదటిది, లక్షా 20 రెండోది, లక్షా 40 మూడోది అనుకోండి.

ముందు మీ పెళ్ళి టైమ్ రాసుకోండి, తర్వాతే ఫోన్ చేయండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, స్టూడియోకి ఫోన్ చేసి "రెండు రోజుల పెళ్ళి, ఎంత?" అని అడుగుతారు. వాళ్ళు వాళ్ళ లెక్కలో రెండు రోజులకి రేటు చెప్తారు, మన రెండు రోజులూ వాళ్ళ రెండు రోజులూ ఒకటి కాదు.

బెంగళూరులో కల్యాణమంటపం పెళ్ళిళ్ళు ఎలా జరుగుతాయో తెలుసు కదా, ఎక్కువగా ముందురోజు సాయంత్రమే రిసెప్షన్, తెల్లారి ముహూర్తం. మన ఊళ్ళల్లో పెళ్ళయ్యాక రిసెప్షన్ పెట్టుకుంటాం, ఇక్కడ తిరగేసి. మాదీ అంతే. శుక్రవారం ఉదయం మారతహళ్ళిలో ఇంటి దగ్గర పెళ్ళికూతుర్ని చేయడం, 8 నుంచి 11 దాకా, అంటే 3 గంటలు. శనివారం సాయంత్రం రిసెప్షన్ 6:30కి అని కార్డులో వేశాం గానీ జంట ఫొటోలు జనం రాకముందే తీసుకోవాలి కాబట్టి 5 నుంచి, స్టేజి ఖాళీ అయ్యేసరికి 11, అంటే 6 గంటలు. ఆదివారం ముహూర్తం తెల్లవారుజామున 5:12కి. గౌరీపూజకి పెళ్ళికూతురు కూర్చునేది రెండున్నరకి, అప్పగింతలు పది, పదిన్నర, అంటే 8 గంటలు. వ్రతం అబ్బాయి వాళ్ళింట్లో, అది వాళ్ళే చూసుకుంటామన్నారు.

మొత్తం 17 గంటలు. దానికి ఆదివారం ఒక గంటన్నర ఆలస్యం కలుపుకోండి, ఎందుకంటే తలంబ్రాల దగ్గర చుట్టాలు, అరుంధతీ నక్షత్రం చూపించడం, భోజనాల మధ్యలో ఫొటోలు, ఎక్కడో ఒకచోట టైమ్ జారిపోతుంది. మాకు 18న్నర గంటలు అని పెట్టుకున్నాను. ఈ కాగితం ఒకటే మూడు స్టూడియోలకీ పంపాను.

గంటలు: 'డే' అంటే ఎంత, 'సెషన్' అంటే ఎంత

మొదటి స్టూడియో "రెండు రోజుల కవరేజ్" అంది. అడిగితే "సర్, మాకు ఒక డే అంటే 8 గంటలు, మీవి శనివారం, ఆదివారం" అన్నాడు. అంటే శుక్రవారం పెళ్ళికూతుర్ని చేయడం లేనే లేదు, దానికి ఇంకో 15 వేలు. రెండో స్టూడియో సెషన్ లెక్క, ఒక సెషన్ 6 గంటలు, మూడు సెషన్లు. మూడో స్టూడియో మూడు రోజులూ రోజుకి 10 గంటలు.

రెండోవాళ్ళ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. శుక్రవారం మాకు కావాల్సింది 3 గంటలు, వాళ్ళిచ్చేది 6, మిగతా 3 గంటలు వేస్ట్. ఆదివారం కావాల్సింది 9న్నర, వాళ్ళిచ్చేది 6, మూడున్నర గంటలు ఎక్స్‌ట్రా, వాళ్ళు పై గంటకి రౌండ్ చేస్తారు కాబట్టి 4. ఎక్స్‌ట్రా గంటకి టీమ్ మొత్తానికి 4 వేలు, అంటే 16 వేలు. ఒకపక్క గంటలు మిగిలిపోతుంటే ఇంకోపక్క గంటలు కొనుక్కుంటున్నాం.

అక్కడ నేను అడిగింది ఒకటే, "అన్నా, మూడు సెషన్లు వద్దు, మొత్తం 18 గంటలు అని రాయండి, ఏ రోజు ఎన్ని వాడుకుంటామో మా ఇష్టం." కాసేపు ఆలోచించి సరే అన్నాడు, కాకపోతే శుక్రవారం ఇద్దరే వస్తారు, నలుగురు రారు అన్నాడు. ఇంట్లో పసుపు రాసుకునే కార్యక్రమానికి నలుగురు కెమెరామెన్లు ఎందుకు, సరే అన్నాను. దాంతో 18న్నరలో 18 పోను ఎక్స్‌ట్రా ఒక్క గంటే, 4 వేలు. 12 వేలు మిగిలాయి. అందరూ ఒప్పుకోరు, ముహూర్తాలు ఎక్కువున్న వారంలో అయితే అసలు ఒప్పుకోరు, అయినా అడగడానికి ఏం పోయింది.

గంటల విషయంలో ఇంకో మూడు ప్రశ్నలు తప్పకుండా అడగండి. టైమ్ ఎప్పుడు మొదలవుతుంది, వాళ్ళు హాల్‌కి వచ్చి లైట్లు పెట్టుకున్నప్పుడా, మొదటి ఫొటో తీసినప్పుడా? రాత్రి 11 నుంచి రెండున్నర దాకా వాళ్ళు మంటపంలోనే పడుకుంటే ఆ టైమ్ లెక్కలోకి వస్తుందా? అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది కదా, దాన్ని కొత్త రోజు అంటారా? మూడోది వింతగా ఉంటుంది గానీ తెల్లవారుజాము ముహూర్తాలకి ఇదే పెద్ద గొడవ.

మా పెద్దనాన్న కొడుకు పెళ్ళిలో జరిగింది చెప్తా. గంటలు అయిపోయాయని క్యాండిడ్ ఫొటోగ్రాఫర్, అంటే పోజులు పెట్టించకుండా జరిగేది జరిగినట్టే తీసే అతను, సరిగ్గా అప్పగింతల ముందు బ్యాగ్ సర్దేసుకున్నాడు. ఎక్స్‌ట్రా గంటకి ఎవరు ఓకే చెప్పాలో ఎవరికీ తెలీదు, అన్నయ్య పీటల మీద ఉన్నాడు, పెదనాన్న భోజనాల దగ్గర. వదిన వాళ్ళమ్మ ఏడుస్తున్న ఫొటో ఒక్కటి కూడా సరైనది లేదు, అన్నీ దూరం నుంచి వీడియోలోంచి తీసిన స్క్రీన్‌షాట్లే. అందుకని మా అగ్రిమెంట్‌లో "ఎక్స్‌ట్రా గంటలకి ఫలానా వాళ్ళు వాట్సాప్‌లో ఓకే చెప్తే చాలు" అని నా నంబర్ వేయించాను.

ఎంతమంది వస్తున్నారు, ఎవరు వస్తున్నారు

గంటల తర్వాత చూడాల్సింది మనుషులు. మొదటివాళ్ళు ముగ్గురు: ఒక ట్రెడిషనల్ ఫొటో, ఒక ట్రెడిషనల్ వీడియో, ఒక క్యాండిడ్. రెండోవాళ్ళు నలుగురు, పై ముగ్గురూ ఇంకొక సినిమాటిక్ వీడియో అతను. మూడోవాళ్ళూ నలుగురే, ప్లస్ డ్రోన్.

మన పెళ్ళికి కనీసం ఇద్దరు స్టిల్ ఫొటోగ్రాఫర్లు ఎందుకంటే జీలకర్ర బెల్లం. మధ్యలో అడ్డుతెర ఉంటుంది, అటు వైపు కెమెరాకి ఇటు వైపు మనిషి కనిపించడు. ముహూర్తం సమయానికి ఇద్దరూ ఒకేసారి ఒకరి తలమీద ఒకరు చెయ్యి పెడతారు, తెర తీస్తారు, అక్షింతలు పడతాయి, అంతా నిమిషం లోపే. ఒక్కడే ఉంటే పెళ్ళికూతురి మొహమైనా దొరుకుతుంది, పెళ్ళికొడుకుదైనా దొరుకుతుంది. పైగా చుట్టూ ఫోన్లు పట్టుకుని నిలబడిన చుట్టాలు, వాళ్ళ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఎవరు వస్తున్నారు అన్నది. స్టూడియో పేజీలో మీరు చూసే ఫొటోలు తీసినవాడు మీ పెళ్ళికి రాకపోవచ్చు. ఒకే ముహూర్తానికి నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటే ఓనర్ ఒకచోటే ఉంటాడు, మిగతా చోట్లకి రోజుకింత అని బయటి నుంచి ఫ్రీలాన్సర్లని పెడతారు. అది తప్పేం కాదు, బాగా తీసే ఫ్రీలాన్సర్లు ఉంటారు, కానీ ఆ మనిషి తీసిన పెళ్ళి చూపించమని అడగాలి, క్యాండిడ్ అతని పేరు అగ్రిమెంట్‌లో ఉండాలి. పెళ్ళికి నెల ముందు ఇంకొకరిని మారిస్తే మనకి చెప్పాలి అని కూడా.

డ్రోన్ గురించి ఒక మాట చెప్పి వదిలేస్తా. మా మంటపం హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్ట్ వైపు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం దేశమంతా మ్యాప్‌లో గ్రీన్, యెల్లో, రెడ్ జోన్లుగా విడదీశారు, ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కల పర్మిషన్ లేకుండా ఎగరేయకూడదు. యెలహంక వైపు ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, అక్కడా ఇదే కథ. పైగా మా ముహూర్తం చీకట్లో, ఏసీ హాల్ లోపల. డ్రోన్ దేన్ని తీస్తుంది, పార్కింగ్‌నా? తీసేస్తే 10 వేలు తగ్గిస్తామన్నారు.

చేతికి ఏమొస్తుంది: షీట్లు, ఎడిటెడ్ ఫొటోలు, హార్డ్ డిస్క్

ఆల్బమ్‌లో తికమక పెట్టే మాట 'షీట్'. సాధారణంగా 12x36 ఆల్బమ్ అంటే తెరిచి పెట్టినప్పుడు అడ్డంగా 36 అంగుళాలు, అంటే ఒక షీట్‌కి రెండు పేజీలు. 40 షీట్లు అంటే 80 పేజీలు. కొందరు "40 పేజీలు" అంటారు, అది 20 షీట్లే. షీట్‌కి నాలుగు ఫొటోలు వేసుకుంటే 40 షీట్లలో 160 పడతాయి, అంతకంటే కుక్కితే అక్కయ్య, బావ మొహాలు స్టాంపు సైజులో వస్తాయి. మాకు 40 షీట్లవి రెండు కావాలి, మాకొకటి, అబ్బాయి వాళ్ళకొకటి. మొదటివాళ్ళూ రెండోవాళ్ళూ 30 షీట్లవి రెండు ఇస్తామన్నారు, పై పది షీట్లకి మొదటివాళ్ళు షీట్‌కి 400, రెండోవాళ్ళు 450. మూడోవాళ్ళు 40 షీట్లది ఒకటే, రెండో కాపీకి 14 వేలు.

ఎడిటెడ్ ఫొటోల దగ్గర అసలు దెబ్బ. మొదటివాళ్ళ 95 వేలలో ఎడిటెడ్ ఫొటోలు 100 మాత్రమే, ఆ తర్వాత ప్రతి ఫొటోకీ 150. 160 ఫొటోలు ఆల్బమ్‌కే కావాలి, ఇంకా చుట్టాలకి పంపుకునేవి, ఫ్రేమ్ కట్టించుకునేవి, అన్నీ కలిపి మేం 250 అనుకున్నాం. 150 ఫొటోలు ఎక్స్‌ట్రా, 22,500. రెండోవాళ్ళు 200 ఇస్తారు, మిగతా 50కి వంద చొప్పున 5 వేలు. మూడోవాళ్ళు 300, ఆ గొడవే లేదు.

రా డేటా, అంటే ఎడిట్ చేయకముందు తీసినదంతా, ఇస్తారా అని అడిగితే అందరూ ఇస్తామంటారు. ఫొటోలదా, వీడియోదా, రెండూనా అని మళ్ళీ అడగండి. ఫొటోల్లో కూడా మామూలుగా ఇచ్చేది ఎడిట్ చేయని జేపెగ్ ఫైళ్ళు, కెమెరా రా ఫైళ్ళు కాదు, మనకి అవి తెరవడం కూడా రాదు కాబట్టి జేపెగ్ చాలు. వీడియో మాత్రం ఎంత జాగా తింటుందో ముందే లెక్కేసుకోండి. 4కే వీడియో 100 ఎంబీపీఎస్‌లో రికార్డ్ చేస్తే గంటకి సుమారు 45 జీబీ. రెండు కెమెరాలు పదేసి గంటలు రికార్డ్ చేస్తే 900 జీబీ, ఫొటోలు దానికి అదనం. కాబట్టి 1 టీబీ డిస్క్ ఇస్తే "సర్, పట్టలేదు, కొంచెం కంప్రెస్ చేసి ఇచ్చాం" అంటారు, 2 టీబీది కొనండి. ఇది మూడు స్టూడియోలకీ మనమే కొనిచ్చేది కాబట్టి లెక్కలో కలపలేదు. ఇంకోటి, సినిమాటిక్ కెమెరా ఫుటేజ్ తెరిస్తే బూడిద రంగులో, వెలిసిపోయినట్టు కనిపించొచ్చు, కంగారు పడకండి. తర్వాత రంగులు దిద్దుకోడానికి వీలుగా కావాలనే లాగ్ అనే సెట్టింగ్‌లో తీస్తారు.

ఎడిటింగ్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది

'ఎడిటింగ్' అన్న ఒక్క మాట వెనక రెండు వేరు వేరు పనులున్నాయి. కలర్ కరెక్షన్ అంటే వెలుతురు, రంగు సరిచేయడం, ఒక ఫొటోకి చేసింది అదే లైటింగ్‌లో ఉన్న వందకి ఒకేసారి వేసేయొచ్చు. రీటచింగ్ అంటే ఒక్కో ఫొటో తెరిచి మొహం మీద చెమట మెరుపు, వెనకాల ఎగ్జిట్ బోర్డు, నలిగిన పంచె, ఇవి దిద్దడం, దీనికి టైమ్ పడుతుంది. రెండో స్టూడియో అతను దీన్ని తనంతట తనే విడదీసి చెప్పాడు, ఇచ్చే ఫొటోలన్నిటికీ కలర్ కరెక్షన్, 200కి రీటచింగ్ అని. మొదటివాళ్ళ 100 ఫొటోలు ఏ రకమో అడిగితే "అన్నీ ఫొటోషాప్‌లోనే సర్" అన్నాడు. అది జవాబు కాదు.

ఇన్‌స్టాలో వేసే ముప్పై ఫొటోలు చూసి నిర్ణయం తీసుకోకండి, అవి ముప్పై పెళ్ళిళ్ళలోంచి ఏరినవి. ఒకే పెళ్ళివి నాలుగొందల ఫొటోలు చూపించమనండి, అదీ మీ పెళ్ళిలాంటి లైటింగ్‌లో, అంటే సాయంత్రం స్టేజి రిసెప్షన్, తెల్లవారుజామున మంటపం ఉన్నది. అందులో ఏం చూడాలంటే ముందు పెళ్ళికొడుకు పంచె. అది తెల్లగా ఉందా, ఆకుపచ్చగానో నీలంగానో తిరిగిందా. ఎల్‌ఈడీ స్టేజి లైట్లలో మొహాలు ఊదారంగులోకి వెళ్ళిపోతాయి, దాన్ని దిద్దాడా వదిలేశాడా. హోమం పొగలో ఫొటోలు మరీ మసగ్గా ఉన్నాయా. కుంకుమ, ఎర్ర పట్టుచీర అంచు జరీతో సహా కనిపిస్తున్నాయా, లేక ఎర్రటి ముద్దలా ఉన్నాయా.

తర్వాత ఒకే మనిషిని పట్టుకోండి, పెళ్ళికూతురి తండ్రినో, మేనమామనో. ఆయన రంగు రిసెప్షన్‌లో, ముహూర్తంలో, గ్రూప్ ఫొటోలో ఒకేలా ఉందా? మూడో స్టూడియో వాళ్ళ ఆల్బమ్‌లో ఒక పెద్దాయన సాయంత్రం చామనఛాయ, తెల్లారేసరికి పాలమీగడ. అందర్నీ తెల్లగా చేసేయడం అందం అనుకునే ఎడిటర్లు ఇంకా ఉన్నారు. మా అమ్మ అయితే "ఆయన్ని ఆయన పెళ్ళామే గుర్తుపట్టదు" అంది. మాకు ఆ స్టూడియో మీద మనసు విరిగింది అక్కడే, జీఎస్టీ లెక్క తర్వాత సంగతి.

వీడియోకి ఎన్నిసార్లు మార్పులు చెప్పొచ్చో అడగండి. మాకు రెండుసార్లు ఒప్పుకున్నారు. ఇందులో కిటుకు ఏంటంటే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోసారి ఫోన్ చేసి ఒక్కో మార్పు చెప్తే ఆ రెండూ ఒక్క సాయంత్రంలో అయిపోతాయి. అందరూ చూశాక నిమిషం, సెకను వేసి ఒకే లిస్ట్ పంపండి.

ఇప్పుడు కూడిక

మా అవసరం 18న్నర గంటలు, 250 ఎడిటెడ్ ఫొటోలు, 40 షీట్ల ఆల్బమ్‌లు రెండు. ఒక్కో స్టూడియోకి దీన్ని వేసి చూస్తే ఇలా వచ్చింది.

మొదటిది 95,000. శుక్రవారానికి 15,000. ఆదివారం ఒకటిన్నర గంట ఎక్స్‌ట్రా అంటే 2 గంటలు, మనిషికి గంటకి వెయ్యి చొప్పున ముగ్గురికి 6,000. ఫొటోలకి 22,500. ఆల్బమ్ షీట్లకి 8,000. మొత్తం 1,46,500.

రెండోది 1,20,000. ఎక్స్‌ట్రా గంటలకి 16,000. షీట్లకి 9,000. ఫొటోలకి 5,000. మొత్తం 1,50,000. గంటలు కలిపి లెక్కేయించాక 1,38,000.

మూడోది 1,40,000. రెండో ఆల్బమ్ 14,000. కొటేషన్ కింద చిన్న అక్షరాల్లో జీఎస్టీ అదనం అని ఉంది, 18 శాతం అంటే 27,720. మొత్తం 1,81,720. డ్రోన్ తీసేసినా 1,69,920.

జీఎస్టీ విషయంలో రెండోవాళ్ళు కలిపే చెప్పారు, మొదటివాళ్ళు రిజిస్టర్ అవ్వలేదు. ఏడాదికి 20 లక్షలలోపు టర్నోవర్ ఉన్న చిన్న స్టూడియోలు మామూలుగా రిజిస్టర్ అవ్వక్కర్లేదు, అలాంటివాళ్ళు జీఎస్టీ పేరుతో డబ్బులు అడగకూడదు కూడా. అడిగితే జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు ఇవ్వమనండి.

అలా చివరికి ముగ్గురు మనుషులు వచ్చే ప్యాకేజీ కంటే నలుగురు వచ్చే రెండో స్టూడియోదే చవకగా పడింది, దాన్నే ఖాయం చేశాం. నాన్న కూడిక రెండుసార్లు వేసి చూసి ఇంకేం మాట్లాడలేదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు రాయించుకోవాల్సినవి

పైన లెక్కలో ఉన్న ప్రతి రేటూ, ఎక్స్‌ట్రా గంట, ఎక్స్‌ట్రా షీట్, ఎక్స్‌ట్రా ఫొటో, అగ్రిమెంట్‌లో ఉండాలి. "తర్వాత చూసుకుందాం సర్" అన్న దానికి తర్వాత రేటు డబుల్ అవుతుంది. ప్రయాణం, భోజనం, గది ఎవరిది అన్నది కూడా రాయించండి. మేం టీమ్‌కి మంటపంలోనే ఒక గది ఇచ్చాం, రెండున్నరకి లేపడానికి మా బాబాయిని పెట్టాం. అదే ఊరి చివర ఉన్న రిసార్ట్‌లో పెళ్ళయితే తెల్లవారుజామున క్యాబ్ ఖర్చు మన మీద పడుతుంది.

డబ్బులు మేం మూడు ముక్కలు చేశాం, బుకింగ్‌కి 30 శాతం, పెళ్ళి రోజు 45, ఆల్బమ్ చేతికొచ్చాక 25. వాళ్ళు మొదట 50, 50 అడిగారు, పెళ్ళి రోజుకే మొత్తం ఇచ్చేస్తే ఆల్బమ్ కోసం మనం వాళ్ళ వెంటపడాలి. తేదీ కూడా "త్వరలో" అని కాదు, ఫొటో సెలెక్షన్ పంపిన రోజు నుంచి 45 రోజులు అని వేయించాం.

ఆ సెలెక్షన్ దగ్గర మాత్రం తప్పు మనదే అవుతుంది ఎక్కువగా. వేల ఫొటోల్లోంచి 160 ఏరడానికి అమ్మ, చెల్లి, అటువైపు అత్తగారు అందరూ ఒప్పుకోవాలి, నెలలు గడిచిపోతాయి. ఈలోపు స్టూడియో తన దగ్గరున్న కాపీ చెరిపేసే గడువు అయిపోతుంది, మాకు అది 90 రోజులు. హార్డ్ డిస్క్ వచ్చిన రోజే ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. సెలెక్షన్‌ని వాట్సాప్‌లో ఫొటోలుగా పంపకండి, ఫైల్ నంబర్లు కాగితం మీద రాసి పంపండి, లేదంటే ఒకే పోజు ఐదు ఫొటోల్లో ఏదో వాళ్ళకి తెలీక కళ్ళు మూసుకున్నది వేసేస్తారు. మా ఆల్బమ్‌లో 17వ షీట్‌లో మా మేనత్త అలాగే నిద్రపోతోంది, ఆ ఒక్క నంబర్ తప్పు రాసింది నేనే.